వడ్డీ, డివిడెండ్ ఏ సెక్షన్‌లో పడాలి? క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్యలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. మాతృసంస్థ అమెరికాలో ఉంది. మార్చి ముగిశాక ఇక్కడి అకౌంట్స్ వాళ్లు మన దేశపు అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 7 ప్రకారం ఒక క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ వేస్తారు. మాతృసంస్థకు పంపే రిపోర్టింగ్ ప్యాక్ కోసం అమెరికా ప్రమాణాలైన యూఎస్ గ్యాప్ ప్రకారం ఇంకొకటి వేస్తారు. మొదటిదాంట్లో ఆపరేటింగ్ నగదు, అంటే రోజువారీ వ్యాపారం నుంచి వచ్చిన నగదు, 49 కోట్లు, రెండోదాంట్లో 40.3 కోట్లు. బ్యాంకులో ఉన్న డబ్బు మాత్రం రెండింట్లోనూ ఒక్కటే. ఎక్కడో తప్పు జరిగిందని కంగారుపడనక్కర్లేదు, రెండూ సరైనవే. ఆ 8.7 కోట్ల తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఈ విషయంలో సగం గందరగోళం తీరిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. పన్నుకు ముందు లాభం 40 కోట్లు. దానికి తరుగుదల 18, ఫైనాన్స్ కాస్ట్ 14 కలిపి, వడ్డీ ఆదాయం 3, డివిడెండ్ ఆదాయం 1 తీసేస్తే 68. వర్కింగ్ క్యాపిటల్‌లో 9 ఇరుక్కుంది, పన్ను 10 కట్టారు. మిగిలింది 49. ఇది ఇండ్ ఏఎస్ ఆపరేటింగ్ అంకె. ఇందులో వడ్డీ, డివిడెండ్ల ఊసే లేదు. కట్టిన వడ్డీ, ఇచ్చిన డివిడెండ్, అప్పులు, వాటాల లెక్క చూపే ఫైనాన్సింగ్‌లో ఉంటాయి. వచ్చిన వడ్డీ, వచ్చిన డివిడెండ్, ఆస్తులు, పెట్టుబడుల లెక్క చూపే ఇన్వెస్టింగ్‌లో ఉంటాయి.

అపోహ: ఏ సెక్షన్‌లో చూపాలన్నది కంపెనీ ఇష్టం.

ఇది పరీక్షల పుస్తకాల నుంచి వచ్చిన అపోహ. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 7 చదివినవాళ్లకు అందులోని స్వేచ్ఛ గుర్తుండిపోతుంది. కట్టిన వడ్డీని ఆపరేటింగ్‌లో గానీ ఫైనాన్సింగ్‌లో గానీ చూపవచ్చు. వచ్చిన వడ్డీ, డివిడెండ్లను ఆపరేటింగ్‌లో గానీ ఇన్వెస్టింగ్‌లో గానీ చూపవచ్చు. ఇచ్చిన డివిడెండ్‌ను సైతం ఆపరేటింగ్‌లో చూపనిస్తుంది. ఏది ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి, అంతే.

మన ఇండ్ ఏఎస్ 7 ఆ స్వేచ్ఛను తీసేసింది. ఆర్థిక సంస్థ కాని ఏ కంపెనీకైనా పైన చెప్పిన అమరికే, వేరే దారి లేదు. పాత ఏఎస్ 3 పాటించే చిన్న కంపెనీలకూ అంతే. అప్పు తెచ్చుకున్నందుకు అయ్యే ఖర్చు వడ్డీ, పెట్టుబడి పెట్టినందుకు వచ్చే ప్రతిఫలం డివిడెండ్ అన్నది ఇక్కడి తర్కం. యూఎస్ గ్యాప్‌లోనూ ఎంపిక లేదు గానీ తర్కం వేరు. 1987లో వచ్చిన ప్రమాణం నుంచి అక్కడి పద్ధతి ఒకటే: నికర లాభం లెక్కలోకి వచ్చే వడ్డీలు, వచ్చిన డివిడెండ్లు ఆపరేటింగ్‌లో పడతాయి. ఇచ్చిన డివిడెండ్ లాభం లెక్కలోకి రాదు కాబట్టి అది ఫైనాన్సింగ్‌లోకి వెళుతుంది.

అంటే మన దేశంలో రెండు కంపెనీల మధ్య తేడా కనిపిస్తే అది ఎంపిక వల్ల వచ్చింది కాదు. వాటిలో ఒకటి ఆర్థిక సంస్థ అయినా అయ్యుండాలి, తప్పయినా జరిగుండాలి.

అపోహ: లాభనష్టాల ఖాతాలో ఉన్న ఫైనాన్స్ కాస్టే కట్టిన వడ్డీ.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. పీణ్య కంపెనీ ఫైనాన్స్ కాస్ట్ 14 కోట్లలో బ్యాంకు అప్పుల వడ్డీ 11, లీజు వడ్డీ 2. మిగిలిన 1 కోటి, ముందు ముందు రాబోయే వారంటీ ఖర్చుల కోసం రాసిపెట్టిన దీర్ఘకాలిక ప్రొవిజన్‌ను ఇప్పటి విలువకు డిస్కౌంట్ చేసినందుకు ఏటా పెరిగే మొత్తం. అది పుస్తకాల్లో పెరుగుతుందే తప్ప ఎవరి ఖాతాలోకీ డబ్బు వెళ్లదు.

కొత్త షెడ్డు కోసం తెచ్చిన అప్పు మీద మరో 2.5 కోట్ల వడ్డీ కట్టారు. దాన్ని ఆస్తి విలువలో కలిపేశారు కాబట్టి లాభనష్టాల ఖాతాలో కనిపించదు. ఇక చెల్లించాల్సిన వడ్డీ ఖాతాలో మొదట్లో 0.8, చివర్లో 1.3 ఉంది. కాబట్టి బ్యాంకులకు నిజంగా కట్టింది 11 + 2.5 + 0.8 − 1.3, అంటే 13 కోట్లు. లీజు వడ్డీ 2 కలిపితే 15. ఖర్చుగా రాసినా, ఆస్తిలో కలిపినా, ఏడాదిలో కట్టిన మొత్తం వడ్డీ ఎంతో చెప్పాలని ఇండ్ ఏఎస్ 7 అడుగుతుంది.

ఇప్పుడు హడావుడిగా చేసినప్పుడు జరిగేది చూడండి. ఆపరేటింగ్‌లో లాభానికి కలిపిన 14 కోట్లనే తీసుకెళ్లి ఫైనాన్సింగ్‌లో 'కట్టిన వడ్డీ' అని వేసేస్తారు. ఆస్తిలో కలిపిన 2.5 ఎలాగూ ఆస్తుల కొనుగోలు అంకెలో దాగి ఇన్వెస్టింగ్‌లో ఉండిపోతుంది. దాన్ని పక్కన పెడితే, నిజంగా కట్టిన వడ్డీ 12.5 కోట్లే, చూపింది 14. ఆ 1.5 ఎటు పోయింది? బకాయి వడ్డీ పెరిగిన 0.5 'ఇతర అప్పుల్లో మార్పు' వరుసలోకి, ప్రొవిజన్ పెరిగిన 1 కోటి 'ప్రొవిజన్లలో మార్పు' వరుసలోకి ప్లస్‌గా వచ్చి చేరింది. ఆపరేటింగ్ 49 కాస్తా 50.5 అయింది. ఫైనాన్సింగ్ అంతే మేర తగ్గింది. చివరి నగదు పైసా తేడా లేకుండా టాలీ అవుతుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పట్టుకోవడం సులువే. ఆపరేటింగ్‌లో కలిపిన ఫైనాన్స్ కాస్ట్, ఫైనాన్సింగ్‌లో చూపిన వడ్డీ అణా పైసలతో సహా ఒకటే అయితే ముందు అనుమానించండి. తర్వాత వర్కింగ్ క్యాపిటల్ వరుసలు తెరిచి చెల్లించాల్సిన వడ్డీ, డిస్కౌంట్ వల్ల పెరిగిన ప్రొవిజన్ అందులో ఉన్నాయేమో చూడండి. ఉంటే అక్కణ్ణుంచి తీసేయాలి. కట్టిన వడ్డీ అంకెను బ్యాంకు స్టేట్‌మెంట్ డెబిట్లతో సరిచూడడం ఒక్కటే నమ్మదగ్గ పరీక్ష. వచ్చిన వడ్డీకీ ఇదే పద్ధతి: ఆదాయం 3, ఎఫ్‌డీల మీద రావాల్సిన వడ్డీ మొదట 0.4, చివర 0.6, కాబట్టి చేతికొచ్చింది 2.8. దీన్ని కట్టిన వడ్డీలోంచి తీసేసి నికరంగా చూపకూడదు. రెండూ విడివిడిగానే ఉండాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. లాభం రెండు చోట్లా ఒకటేననీ, లీజు అక్కడ కూడా ఫైనాన్స్ లీజేననీ అనుకుంటే, యూఎస్ గ్యాప్ ఆపరేటింగ్ అంటే 49 − 12.5 + 2.8 + 1, అంటే 40.3. ఆస్తిలో కలిపిన 2.5 అక్కడ ఇన్వెస్టింగ్‌లోకి వెళుతుంది.

అపోహ: ఆపరేటింగ్ నగదు ఎక్కువగా ఉంటే వ్యాపారం బాగున్నట్టే.

ఇదే కంపెనీ ఐఏఎస్ 7 స్వేచ్ఛను వాడుకుంటే ఏమవుతుంది? కట్టిన వడ్డీని ఫైనాన్సింగ్‌కు పంపి, వచ్చిన వడ్డీ, డివిడెండ్ల 3.8ని ఆపరేటింగ్‌లో పెట్టుకుంటే 52.8. ఖర్చుగా రాసిన వడ్డీ 12.5, ఇచ్చిన డివిడెండ్ 6 రెండింటినీ ఆపరేటింగ్‌లో పడేసి, వచ్చినవాటిని ఇన్వెస్టింగ్‌లో ఉంచితే 30.5. అదే ఫ్యాక్టరీ, అదే బ్యాంకు ఖాతా, తేడా 22.3 కోట్లు.

అయినా కంపెనీలు తక్కువ అంకె వచ్చే పద్ధతిని ఎందుకు ఎంచుకుంటాయని అడిగితే, చాలాసార్లు కారణం ఆ దేశపు పాత అలవాటు, ఆ రంగంలో మిగతా కంపెనీలు చేసే తీరు. డివిడెండ్‌ను ఆపరేటింగ్‌లో చూపేవాళ్లకు ఐఏఎస్ 7లోనే ఒక సమర్థన ఉంది: రోజువారీ వ్యాపారం నుంచి డివిడెండ్ ఇవ్వగలుగుతున్నారా లేదా అన్నది పాఠకుడికి తెలుస్తుంది. మరోవైపు, ఐఏఎస్ 7 పాటించే ఐరోపా కంపెనీలపై జరిగిన పరిశోధనలో, అప్పులు ఎక్కువున్నవీ ఇబ్బందుల్లో ఉన్నవీ ఆపరేటింగ్ అంకె పెరిగే అమరిక వైపు మొగ్గు చూపాయని తేలింది. ఎంపికను చదివేటప్పుడు అప్పుల నోట్‌ను పక్కన పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మన దేశంలో ఎంపిక లేకపోయినా చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. 49 కోట్లు వడ్డీ కట్టకముందు అంకె. అందులోంచి యంత్రాల కొనుగోలు తీసేసి 'ఫ్రీ క్యాష్ ఫ్లో' అంటే, వాటాదారుకు మిగిలేదానికంటే ఎక్కువ చూపినట్టే. వడ్డీ కూడా తీసేయాలి. అమెరికా కంపెనీతో పోల్చేటప్పుడు ముందు వడ్డీ, డివిడెండ్ల వరుసలన్నీ ఒకే చోటికి జరిపి ఆ తర్వాతే పోల్చాలి.

బ్యాంకు షరతుల్లో ఇది మరీ పదునుగా తగులుతుంది. ఒప్పందంలో 'ఆపరేటింగ్ నగదు భాగించు అసలు, వడ్డీల మొత్తం' 1.25కు తగ్గకూడదని ఉందనుకోండి. ఈ ఏడాది అసలు 20, వడ్డీ 15 కలిపి 35. ఇండ్ ఏఎస్ అంకెతో 49/35, అంటే 1.40. ఎవరైనా పొరపాటున రిపోర్టింగ్ ప్యాక్‌లోని 40.3 తీసి పంపితే 1.15, షరతు తప్పినట్టు అవుతుంది. వడ్డీని పైనా తీసేసి కిందా లెక్కేసినందువల్ల వచ్చిన ఫలితమిది. అందుకే ఒప్పందంలో 'వడ్డీ కట్టకముందు' అన్న మాట ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

అపోహ: వడ్డీ ఆదాయం ఎక్కువుంటే ఆర్థిక సంస్థలా చూపవచ్చు.

కుదరదు. మిగులు డబ్బు ఎఫ్‌డీల్లో పెట్టినంత మాత్రాన తయారీ కంపెనీ ఆర్థిక సంస్థ కాదు. చెన్నైలో వాహన రుణాలిచ్చే ఎన్‌బీఎఫ్‌సీకి అయితే వడ్డీయే సరుకు. కట్టిన వడ్డీ, వచ్చిన వడ్డీ, వచ్చిన డివిడెండ్ మూడూ ఆపరేటింగే. తన వాటాదారులకు ఇచ్చిన డివిడెండ్ మాత్రం అక్కడ కూడా ఫైనాన్సింగే, ఇది చాలామంది మర్చిపోతారు.

అపోహ: అంతర్జాతీయ ప్రమాణంలో ఈ స్వేచ్ఛ ఎప్పటికీ ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 18, ఐఏఎస్ 7ను కూడా మార్చింది. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాలకు వర్తిస్తుంది. మామూలు కంపెనీలకు కట్టిన వడ్డీ ఫైనాన్సింగ్, వచ్చిన వడ్డీ, డివిడెండ్లు ఇన్వెస్టింగ్, అంటే మన ఇండ్ ఏఎస్ 7లో ఇప్పటికే ఉన్న అమరికే. ఇచ్చిన డివిడెండ్ అందరికీ ఫైనాన్సింగే. రుణాలివ్వడమో పెట్టుబడులు పెట్టడమో ప్రధాన వ్యాపారమైన సంస్థలకు, వడ్డీ లాభనష్టాల పట్టికలో ఏ వర్గంలో ఉందో దాన్ని బట్టి తేలుతుంది.

యూరప్ మాతృసంస్థలకు ప్యాక్‌లు పంపే బెంగళూరు టీమ్‌లకు అసలు పని 2027లో కాదు, అంతకుముందే ఉంటుంది. పోలిక కోసం చూపే 2026 అంకెలను కొత్త అమరికలోకి మార్చాలి. దానికి కట్టిన వడ్డీ, లీజు వడ్డీ, ఆస్తిలో కలిపిన వడ్డీ, నగదు కాని డిస్కౌంట్ మొత్తం నాలుగూ వేర్వేరు లెడ్జర్లలో ఉండాలి. అన్నీ ఒకే 'ఫైనాన్స్ కాస్ట్' లెడ్జర్‌లో ఉంటే, వోచర్లు ఒక్కొక్కటే తెరిచి విడదీయాల్సి వస్తుంది.