ఉల్లి రైతుల సంఘం ఎందుకు నిలవదు?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ ధర పడిపోయిన రోజున జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. ధర విన్న రైతు కాసేపు కుప్ప పక్కనే కూలబడతాడు. తర్వాత నలుగురు లేస్తారు. కేకలు, రోడ్డు మీద బైఠాయింపు, పోలీసులు, ఎవరో అధికారి వచ్చి ఇచ్చే హామీ. పొద్దుగూకే సరికి సగం మంది వచ్చిన ధరకే అమ్మేసి ఊరి దారి పడతారు. సోమవారం అందరం వద్దామనుకుంటారు, వచ్చేది పదిమంది. రానివాణ్ని అడిగితే “నేనొక్కన్ని రాకపోతే ఏమైతాదప్పా?” అంటాడు.

మనవాళ్లకు ఐకమత్యం లేదని తిట్టుకోవడం మనకు అలవాటే. కానీ లెక్క చూస్తే ఆ రైతు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఊరికే అంకెలు వేసుకుందాం. పదివేల మంది రైతులు, ఒక్కొక్కరి దగ్గర 100 క్వింటాళ్లు. గట్టిగా నిలబడితే క్వింటాలుకు 100 రూపాయలు పెరుగుతుందనుకుంటే ఒక్కో రైతుకు 10,000 మిగులుతుంది. యార్డుకు వచ్చి కూర్చోవడానికి పోయిన కూలి, బస్సు చార్జీ కలిపి 700. బేరం బాగున్నట్టే ఉంది. కానీ ధర పెరిగితే ఇంట్లో పడుకున్నవాడికీ అదే 10,000 వస్తుంది. పదివేల మందిలో తనొక్కడు తగ్గినంత మాత్రాన పెరిగే ధర ఆగదు, తనొక్కడు వచ్చినంత మాత్రాన పెరగని ధర పెరగదు. ఇక అతను తేల్చుకోవాల్సింది ఆ 700 ఖర్చు పెట్టాలా వద్దా అన్నదొక్కటే.

అదే సరుకు కొనేవాళ్లు ఇరవై మందే అనుకోండి. ఆ 100 రూపాయల తేడా వాళ్లలో ఒక్కొక్కరికి 50 లక్షలు. మాట కలుపుకోవడానికి పొద్దున నాలుగు ఫోన్లు చాలు. ఎవడైనా మాట తప్పి ఎక్కువ ధర పెడితే సాయంత్రంలోగా మిగతా పంతొమ్మిది మందికీ తెలిసిపోతుంది.

ఈ చిక్కును స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే చెప్పాడు. ఇద్దరు పొరుగువాళ్లు కలిసి తమ ఉమ్మడి బీడులో నిలిచిన నీరు తీయగలరు, వెయ్యిమంది తీయలేరు, ఎందుకంటే ప్రతివాడూ బరువు పక్కవాడి మీద పెట్టాలని చూస్తాడు అన్నాడు. ఆ మాటను తర్వాత పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1951లో కూడా డేవిడ్ ట్రూమన్ లాంటి అమెరికా రాజనీతి పండితులు, ఒక వర్గానికి దెబ్బ తగిలితే అది సంఘంగా కదలడం సహజమనే ధోరణిలోనే రాశారు. 1965లో మాన్కర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త దాన్ని తిరగేశాడు. ప్రయోజనం ఉమ్మడిదైనప్పుడు గుంపు పెద్దదయ్యేకొద్దీ టికెట్ లేకుండా ప్రయాణించేవాళ్లు పెరుగుతారన్నాడు. దీన్నే ఫ్రీ రైడింగ్ అంటారు.

మరి నిలబడిన పెద్ద సంఘాల మాటేమిటి? అవి సభ్యులకు మాత్రమే దొరికేది ఏదో ఒకటి ఇస్తాయని ఓల్సన్ జవాబు. అమెరికా రైతుల సమాఖ్య ఫార్మ్ బ్యూరోలో చాలామంది చేరింది వ్యవసాయ సలహాల కోసం, బీమా కోసం, చవకగా దొరికే సరుకు కోసం. రైతు గొంతు వినిపించడం దాంతోపాటు వచ్చిన లాభం మాత్రమే. మన దగ్గర సహకార సొసైటీలో సభ్యత్వం తీసుకునే రైతును అడగండి, అప్పు కోసమంటాడు.

ఓల్సన్ లెక్కకు ఎదురు ప్రశ్న కర్నూలు జిల్లా నుంచే వచ్చింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు ఇక్కడి కాలువ కింది ఊళ్లను చూసి 1988లో పుస్తకం రాశాడు. కొన్ని ఊళ్లు ఉమ్మడిగా పంట కాపలాదార్లను, నీళ్లు కట్టే మనుషులను పెట్టుకున్నాయి. కోత అయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కు అమ్మి, ఆ డబ్బును ఊరి నిధిలో వేసుకున్నాయి. ఇవన్నీ ప్రభుత్వం చెబితే పెట్టినవి కావు. పక్క ఊళ్లలో మాత్రం ఇదేదీ లేదు.

తేడా ఎక్కడుందంటే కాలువలో. నీళ్లు ఆఖరున అందే చివరి ఊళ్లలో ఏర్పాటు గట్టిగా ఉంది, నీళ్లు పుష్కలంగా ఉన్న పై ఊళ్లలో లేదు. నీరు అందకపోతే పంట మొత్తం పోతుంది, తగాదాలూ అక్కడే. పైగా ఎక్కువ భూమి ఉన్న పెద్దలకే ఎక్కువ నష్టం కాబట్టి నడిపించే పని వాళ్లే నెత్తిన వేసుకున్నారు. రాత్రి దొంగతనంగా మడవ తిప్పినవాడు తెల్లారేసరికి దొరుకుతాడు.

అయితే ఈ ఏర్పాటు ఊరి పొలిమేర దగ్గరే ఆగింది. యార్డులో ఉల్లి కుప్పలు పోసేవాళ్లు ఎన్నో ఊళ్లవాళ్లు. పక్క కుప్ప ఎవరిదో కూడా తెలియదు, సోమవారం ఎవడు రాలేదో గుర్తుపట్టేవాడు లేడు.