ధరలు మండిపోతుంటే బంగారం ఎందుకు పడింది?

"ధరలు పెరిగితే బంగారం పెరుగుతుందంటారు కదా. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. అదే ఏడాది మార్చిలో ఔన్సు 2,000 డాలర్లు దాటిన బంగారం శరదృతువుకల్లా 1,630 దగ్గరికి ఎందుకు పడింది?" ఇది ఒక పాఠకుడి ప్రశ్న.

బంగారానికి పోటీ కూరగాయల ధర కాదు, బ్యాంకు వడ్డీ. బీరువాలో పెట్టిన తులం ఏడాది గడిచినా తులమే, పైసా వడ్డీ తేదు. కాబట్టి డిపాజిట్‌లో ధరల పెరుగుదల పోను ఏం మిగులుతుందన్నదే అసలు లెక్క.

లక్ష రూపాయలు 7.5 శాతానికి డిపాజిట్ చేశారనుకోండి. ఏడాదికి 1,07,500 వస్తుంది. ధరలు 6 శాతం పెరిగితే లక్షకు వచ్చే సరుకు ఇప్పుడు 1,06,000 అవుతుంది. చేతిలో 1,500 మిగిలింది. ఇప్పుడు ద్రవ్యోల్బణం 9కి ఎక్కింది, బ్యాంకు కూడా వడ్డీని 10.5 చేసింది. మిగిలేది మళ్లీ అదే 1,500. ధరలు మండుతున్నా బంగారం వైపు పరుగెత్తాల్సిన పని లేదు. మామూలు ద్రవ్యోల్బణమంటే ఇదే: వ్యాపారాలు నడుస్తుంటాయి, ఉద్యోగాలుంటాయి, కేంద్ర బ్యాంకు జంకు లేకుండా వడ్డీ పెంచగలదు. 2022లో అమెరికాలో నిరుద్యోగం 3.6 శాతమే. అందుకే అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మార్చిలో సున్నా దగ్గరున్న రేటును డిసెంబరుకల్లా 4.5 దాకా లాక్కెళ్లింది. బంగారం పడింది అందుకే.

ధరల మంట, వ్యాపారాల మందగమనం కలిసొచ్చే స్టాగ్‌ఫ్లేషన్‌లో కేంద్ర బ్యాంకు చేతులు కట్టేసినట్టవుతాయి. ధరలు 11 శాతం పెరుగుతున్నాయి, ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. వడ్డీ పెంచితే ఉన్న ఉద్యోగాలూ పోతాయని కేంద్ర బ్యాంకు భయపడింది, డిపాజిట్ వడ్డీ 8 దగ్గరే ఆగిందనుకోండి. మీ లక్ష 1,08,000 అయింది, సరుకు 1,11,000 అయింది. 3,000 నష్టం. మీరు 30 శాతం పన్ను శ్లాబులో ఉంటే ఆ 8,000 వడ్డీ మీద సెస్సుతో కలిపి దాదాపు 2,500 పన్ను. నష్టం 5,500. ఇప్పుడు వడ్డీ తేని బంగారమే నయమనిపిస్తుంది. అక్షయ తృతీయకు దీనితో సంబంధం లేదు. ఆ రోజు కొన్న బంగారం అక్షయం కాదు, కొట్లో రద్దీ మాత్రం ఖాయం.

దీనికి పెద్ద ఉదాహరణ 1973-80. చమురు ధర నాలుగింతలయ్యింది. 1974 చివరికి అమెరికా ద్రవ్యోల్బణం 12 శాతం, 1975 మేకి నిరుద్యోగం 9 శాతం. అప్పుడు ఫెడ్ ఏం చేసింది? ఏడాది కిందట 13 శాతం దాకా ఉన్న రేటును 5 దగ్గరికి దించేసింది, ధరలు ఇంకా 9 శాతానికి పైగా పెరుగుతుండగానే! బంగారం మాత్రం ఈ తగ్గింపు పూర్తయ్యేదాకా ఆగలేదు. 1973 మొదట్లో 65 డాలర్లున్నది 1974 చివరికే 190 దాటింది. ఆ తర్వాత ద్రవ్యోల్బణం చల్లబడుతుంటే 1976 ఆగస్టుకి దాదాపు 103కి పడింది. అంటే మార్కెట్ ముందుగానే ఊహించి కొనేస్తుంది. పేపర్లో స్టాగ్‌ఫ్లేషన్ అన్న మాట పతాక శీర్షికయ్యాక కొనేవాళ్లు సాధారణంగా ఆలస్యమైపోయినవాళ్లే. ఇంకో జాగ్రత్త: 1971 దాకా 35 డాలర్ల దగ్గర బిగించి ఉంచిన ధర అప్పుడే సడలింది. ఆ ఎగుడులో కొంత వాటా దానిది.

రెండో ఎగుడు 1980 జనవరి 21న 850 డాలర్ల దగ్గర ముగిసింది. ఫెడ్ అధ్యక్షుడు పాల్ వోల్కర్ ఉద్యోగాలు పోయినా సరేనని వడ్డీని 19 శాతం దాటించాడు. 1982 జూన్‌కల్లా బంగారం 300 కిందకి దిగింది. 850 మళ్లీ కనబడింది 2008 జనవరిలో.

ఇక హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లోనో, సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో బంగారం కొట్టు ముందు నిలబడితే ఈ లెక్కకి ఇంకో మెలిక. ఇక్కడ తులమంటే 10 గ్రాములు, పాత 11.66 కాదు. ఔన్సు ధరను 31.1తో భాగించి, 10తో, ఆపై డాలర్ రేటుతో గుణించి, దిగుమతి సుంకం కలపండి. 2022 మొదట్లో ఔన్సు 1,829 డాలర్లు, డాలర్ రూ. 74.3, సుంకం 10.75 శాతం: తులం దాదాపు 48,400. ఏడాది చివర్లో ఔన్సు 1,824, డాలర్ రూ. 82.7, సుంకం 15 శాతం: దాదాపు 55,800. జీఎస్టీ రెండింటికీ అదనం. డాలర్లలో బంగారం ఎక్కడిదక్కడే ఉంది. మన దగ్గర 15 శాతం పెరిగింది. ఆ పెరుగుదల బంగారానిది కాదు, రూపాయి పతనానిదీ సుంకానిదీ. 2024 జులై బడ్జెట్‌లో సుంకం 6 శాతానికి దించగానే, అంతర్జాతీయ ధర ఖరారయ్యే లండన్‌తో పనిలేకుండా, సుంకం వల్ల పెరిగిన భాగం కొట్టు బోర్డు మీద నుంచి చెరిగిపోయింది.