సగటు చూస్తే 15 శాతం, మిగిలింది వెయ్యి చిల్లర

2007 చివర్లో సెన్సెక్స్ 20,287 దగ్గర క్లోజ్ అయింది. 2008లో అమెరికా బ్యాంకుల గొడవతో ప్రపంచమంతా కుదేలైంది కదా, ఆ ఏడాది చివరికి మన సూచీ 9,647కి పడిపోయింది, అంటే 52.4 శాతం నష్టం. 2009లో మళ్లీ 81 శాతం లేచి 17,465కి వచ్చింది, 2010లో ఇంకో 17.4 శాతం పెరిగి 20,509 దగ్గర ఆగింది.

ఇప్పుడు ఈ మూడూ కూడి మూడుతో భాగించండి, ఏడాదికి 15.3 శాతం సగటు వస్తుంది. ఇదే అంకమధ్యమం. వినడానికి భలే ఉంది, ఎఫ్‌డీ ఎవడికి కావాలి అనిపిస్తుంది. కానీ 2007 చివర్లో సూచీలో లక్ష పెట్టినోడికి 2010 చివర్లో ఉన్నది, డివిడెండ్లు పక్కన పెడితే, లక్షా వెయ్యి చిల్లర. అంటే చక్రవడ్డీ లెక్కలో ఏడాదికి 0.4 శాతం కూడా లేదు. ఇది గుణమధ్యమం, ఫండ్లవాళ్లు సీఏజీఆర్ అనేది దీన్నే. రెండు లెక్కలూ కరెక్టే, ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.

మరి మధ్యలో ఆ 15 శాతం ఎటు పోయింది అంటే, అసలు ఎప్పుడూ లేదు. రాబడులు ఒకదాని మీద ఒకటి గుణించుకుంటూ పోతాయి, మనమేమో కూడి సగటు తీస్తున్నాం. 100 రూపాయలు 20 శాతం పెరిగితే 120, దాని మీద 20 శాతం తగ్గితే 96. సగటు సున్నా, జేబులో మాత్రం 4 తక్కువ. ముందు తగ్గి తర్వాత పెరిగినా అదే 96. ఊపు రెట్టింపు చేసి 40 పైకి 40 కిందికి అనుకోండి, 84 మిగుల్తుంది, నష్టం 16. ఊపు రెండింతలైతే కోత నాలుగింతలైంది, ఎందుకంటే (1+x)(1−x) అంటే 1−x², కాబట్టి నష్టం ఊపు వర్గంతో పెరుగుతుంది. ఇది రెండేళ్ల కోత కదా, ఏడాదికి సగం వేసుకుంటే సుమారుగా x²/2. పాఠాల్లో కనిపించే సూత్రం ఇదే:

G ≈ A − σ²/2

G గుణమధ్యమం, A అంకమధ్యమం, σ ప్రామాణిక విచలనం, అంటే రాబడులు సగటు నుంచి ఎంత దూరం ఊగుతున్నాయో చెప్పే కొలత. మన మూడేళ్లకి σ దాదాపు 54.5 శాతం. దాని వర్గంలో సగం 14.86 శాతం, 15.34 లోంచి తీసేస్తే 0.48. అసలు విలువ 0.4 కన్నా కొంచెం తక్కువ. ఇంత పెద్ద ఊపుల్లో కూడా ఇంత దగ్గరగా రావడం కొంత లక్కే, ఈ సూత్రం నిజానికి చిన్న ఊపులకే బాగా పనిచేస్తుంది.

అలాగని అంకమధ్యమం పనికిరాదని కాదు. వచ్చే ఒక్క ఏడాదికి ఎంత ఆశించొచ్చు అంటే అదే సరైన లెక్క. చిక్కంతా దాన్ని పదేళ్లకో ఇరవై ఏళ్లకో చక్రవడ్డీలో పెట్టి ఇంత కోట్లవుతాయి అని చూపించినప్పుడే. ఎవరైనా "సగటు వార్షిక రాబడి" అంటే మొదటి రోజు విలువ, చివరి రోజు విలువ అడగండి చాలు, ఏ సగటో తెలిసిపోతుంది. మధ్యమధ్యలో డబ్బు వేస్తూ తీస్తూ ఉంటే, నెలనెలా వేసే సిప్ లాంటి వాటికి, లెక్క వేరు, అక్కడ ఏ డబ్బు ఏ తేదీన వేశామో తీశామో చూసి కట్టే రాబడి, ఎక్స్ఐఆర్ఆర్ చూడాలి.

ఈ కోత బాగా బయటపడేది లీవరేజ్‌లో, అంటే అప్పుతో పందెం పెంచుకున్నప్పుడు. అమెరికాలో టీక్యూక్యూక్యూ అని ఒక ఈటీఎఫ్, అంటే షేరులా కొనే అమ్మే ఫండ్ ఉంది, అక్కడి నాస్‌డాక్-100 సూచీ ఏ రోజు ఎంత కదిలితే ఆ రోజు దానికి మూడింతలు కదలాలన్నది దాని లక్ష్యం. ఏ రోజుకారోజు, అది గుర్తుపెట్టుకోండి, ఏడాదికి మూడింతలు అని ఎవరూ చెప్పలేదు. ఊపు మూడింతలైతే కోత తొమ్మిదింతలు, దాని మీద అప్పు ఖర్చు, ఫీజు అదనం. 2022లో నాస్‌డాక్-100 దాదాపు మూడోవంతు పడింది, 2023లో 50 శాతం పైన లేచి 2021 చివరి స్థాయిని దాటేసింది. టీక్యూక్యూక్యూ 2022లో దాదాపు 79 శాతం పడి, 2023లో దాదాపు 198 శాతం లేచింది. సగటు తీస్తే ఏడాదికి 59.5 శాతం లాభం, నిజంగా లక్ష పెట్టినోడి దగ్గర మిగిలింది 62 వేల దగ్గర. 79 శాతం పోయాక అసలుకి రావాలంటే 376 శాతం లేవాలి, 198 ఏ మూలకి?