పైన పుట్టి కింద దిగే గ్రంథి

మొన్న ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, వారంలో ఇంటర్నల్స్, గొంతు నిండా టెన్షన్. "బాబాయ్, నా పుస్తకంలో అచ్చు తప్పు ఉన్నట్టుంది. కింది పారాథైరాయిడ్‌లు మూడో పౌచ్ నుంచి, పైవి నాలుగో పౌచ్ నుంచి వస్తాయట. తిరగేసి రాశారు కదా?" అంది. అచ్చు తప్పు కాదమ్మా, నిజంగానే అంతే అన్నాను. పారాథైరాయిడ్ అంటే మెడలో థైరాయిడ్ వెనక పైన రెండు, కింద రెండుగా ఉండి, రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునే చిన్న గ్రంథి. ఇన్నేళ్లుగా అనాటమీ చెబుతున్నాను, ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. మా పెద్దక్క మెడకి జరిగిన ఆపరేషన్ మొత్తం ఈ తిరగబడిన వరస మీదే నడిచింది కాబట్టి ఇంకా ఇష్టం.

ముందు అవసరమైనంత మేరకు చెప్పేస్తాను. నాలుగో వారంలో పిండం బియ్యపు గింజ కంటే చిన్నగా ఉంటుంది. దాని గొంతు ప్రాంతంలో అటూ ఇటూ, పైనుంచి కిందికి వరసగా కమానుల్లాంటి ఉబ్బులు వస్తాయి, వీటినే ఫారింజియల్ ఆర్చ్‌లు అంటారు. మొదటి దానినుంచి కింది దవడ, నమిలే కండరాలు, చెవిలోని మూడు చిన్న ఎముకల్లో రెండు. రెండో దానినుంచి ఆ మూడో ఎముక, నవ్వినా ఏడ్చినా కదిలే ముఖ కండరాలు. మూడో దానినుంచి గొంతులో ఉండే హయాయిడ్ ఎముకలో కొంత భాగం. నాలుగు, ఆరు కలిసి స్వరపేటిక. అయిదోది మనుషుల్లో నిలవదు. ఈ కమానుల మధ్య లోపలివైపు పడే సందులే పౌచ్‌లు, అంటే సంచులు. మొదటి సంచి మధ్య చెవి అవుతుంది, రెండోది టాన్సిల్ ఉండే చోటు అవుతుంది. మూడూ నాలుగూ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది, ఎందుకంటే ఇక్కడ పుట్టినవి పుట్టినచోట ఉండవు.

మూడో సంచి గోడలో రెండు భాగాలుంటాయి. వీపువైపు ముక్క పారాథైరాయిడ్ అవుతుంది, అక్కడ GCM2 అనే జన్యువు పనిచేస్తుంది. పొట్టవైపు ముక్క, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే కణాలని తయారుచేసే థైమస్ అవుతుంది, అక్కడ FOXN1 పనిచేస్తుంది. ఒకే గోడ, పక్కపక్కన రెండు అవయవాలు. నాలుగో సంచిలో వీపువైపు ముక్క కూడా పారాథైరాయిడే అవుతుంది, కానీ దానికి థైమస్ తోడు లేదు, థైరాయిడ్‌ని అంటిపెట్టుకుంటుంది. తేడా అంతా ఆ తోడులోనే ఉంది.

మన హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్‌లో కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లే రైలు తీసుకోండి. మూడో సంచి పిల్లవాడు కూకట్‌పల్లిలో ఎక్కాడు, నాలుగో సంచి పిల్లవాడు అమీర్‌పేటలో ఎక్కాడు. కూకట్‌పల్లి వాడి చేయి పట్టుకున్నది థైమస్, అది ఎల్బీనగర్ దాకా పోవాలి, అంటే గుండె ముందుకి, ఛాతీలోకి. అమీర్‌పేట వాడు రెండు మూడు స్టేషన్లు దాటగానే ఖైరతాబాద్‌లో దిగిపోయాడు. కూకట్‌పల్లి వాడు థైమస్‌తో పాటు ఖైరతాబాద్ కూడా దాటిపోయి, మలక్‌పేట దగ్గర చేయి విడిపించుకుని దిగాడు. ముందు స్టేషన్లో ఎక్కినవాడు చివరికి తర్వాతి స్టేషన్లో తేలాడు. పుట్టుకలో పైనున్నది స్థానంలో కిందికి పోవడమంటే ఇదే. ఏడో వారం నాటికి ఈ ప్రయాణం మొదలై ఉంటుంది.

ఇప్పుడు దీన్ని ఇంకొంచెం లాగండి. ఎవరు దారి తప్పే అవకాశం ఎక్కువ? దూరం వెళ్లినవాడే. అమీర్‌పేట వాడు దిగేది దాదాపు ఎప్పుడూ అదే ప్లాట్‌ఫారమ్ మీద, అందుకే పై పారాథైరాయిడ్‌లు థైరాయిడ్ వెనక ఇంచుమించు అందరిలో ఒకే చోట దొరుకుతాయి. కూకట్‌పల్లి వాడు నిద్రపోతే చేయి వదలక ఎల్బీనగర్ చేరతాడు, గ్రంథి ఛాతీలో థైమస్ మధ్య దొరుకుతుంది. అసలు రైలే ఎక్కకపోతే కూకట్‌పల్లిలోనే ఉండిపోతాడు, గ్రంథి దవడ మూల కింద, కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట దొరుకుతుంది. కెరోటిడ్ మొదలూ మూడో కమాను ధమని నుంచే వచ్చింది కాబట్టి అది వాడి పుట్టిన ఊరే.

ఇది తెలియక కష్టపడినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఛార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌కి ఒక పారాథైరాయిడ్ అతిగా పనిచేసి, ఎముకలు కరిగి ఎత్తు దాదాపు ఏడంగుళాలు తగ్గింది. 1926 నుంచి ఆరుసార్లు మెడ కోసి వెతికారు, చెడ్డ గ్రంథి దొరకలేదు. 1932లో ఏడోసారి ఛాతీలో చూస్తే అక్కడ ఉంది.

మా పెద్దక్కది అంత దూరం పోలేదు. మూడేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు. టమాటాలు మానెయ్, పాలు మానెయ్ అని అందరూ చెప్పారు, అన్నీ మానేసింది. ఒక డాక్టరుగారు రక్తంలో కాల్షియం చూడమన్నాక 11.6 వచ్చింది, సాధారణంగా 10.5 దాటకూడదు. కాల్షియం అలా పెరిగినప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ తగ్గిపోవాలి. 65 లోపు ఉండాల్సింది ఆమెకి 180 ఉంది. అంటే నాలుగు గ్రంథుల్లో ఒకటి మాట వినడం మానేసింది. ఎక్కడుందో చూద్దామంటే మెడ అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదు. తర్వాత సెస్టామిబి స్కాన్ తీశారు, అంటే ఈ గ్రంథులు పీల్చుకునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే బొమ్మ. రెండు గంటల తర్వాత తీసిన బొమ్మలో థైరాయిడ్ మసకబారింది గానీ ఛాతీ ఎముక పై అంచు వెనక ఒక చుక్క అలాగే మిగిలింది.

ఆపరేషన్ ముందురోజు సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మెడలో స్వరపేటికకి వెళ్లే నరం ఉంటుంది. దానికి వెనకవైపు పై గ్రంథి, ముందువైపు కింది గ్రంథి ఉంటాయి. నాలుగింటిని లెక్కపెట్టి, లేనిది పైదైతే అన్నవాహిక వెనక వెతకాలి, కిందిదైతే థైమస్ వెంట పోవాలి. ఏ పౌచ్ పిల్లవాడు కనపడటం లేదో తెలిస్తే ఎటు వెళ్లాలో తెలుస్తుంది. అక్కకి ఎడమవైపు కిందిదే లేదు. ఛాతీ తెరవలేదు. మెడ కోతలోంచే థైమస్ పై కొసని పట్టుకుని మెల్లగా పైకి లాగారు, దాంతోపాటు ఇటుక ఎరుపు రంగులో ఉసిరిగింజంత ముద్ద బయటికి వచ్చింది. మామూలు పారాథైరాయిడ్ పెసరగింజ కంటే పెద్దదేం కాదు. ఆ హార్మోన్ రక్తంలో నాలుగైదు నిమిషాలకి సగమైపోతుంది కాబట్టి, ముద్ద తీసిన పది నిమిషాలకి మళ్లీ రక్తం తీసి చూశారు. 180 కాస్తా 38కి దిగింది, అప్పుడే కుట్లు వేశారు. మర్నాడు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుందని అక్క అంది, ఎముకలు కాల్షియం పీల్చుకుంటుంటే అలా ఉంటుంది. మూడు వారాలు కాల్షియం మాత్రలు వేసుకుంది.

మా అన్నయ్య కూతురు దీన్ని విని ఇంకోటి అడిగింది, ఆ రెండు సంచులూ సరిగ్గా తయారవకపోతే ఏమవుతుందని. మంచి ప్రశ్న. 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేని పిల్లల్లో అదే జరగొచ్చు. పారాథైరాయిడ్ సరిపోక కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి, థైమస్ సరిగ్గా లేక ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, చాలామందికి గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనుల్లో కూడా లోపం ఉంటుంది. ఫిట్స్‌కీ, జలుబు తగ్గకపోవడానికీ సంబంధం ఏమిటో ఆ గోడ తెలిస్తేనే అర్థమవుతుంది. ఇళ్లలో మాత్రం పిల్లల మొహంలోనో మెడలోనో ఏదైనా తేడా కనిపిస్తే తల్లి గ్రహణం చూసిందా, గ్రహణంలో కత్తి పట్టిందా అని అడుగుతారు. ఈ కమానులు మొదలయ్యే నాలుగో వారంలో చాలామందికి కడుపుతో ఉన్నామని కూడా తెలియదు. ఆ అమ్మల్ని ఇలా నిలదీయడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

అక్క బయాప్సీ స్లయిడ్‌ని నేను అడిగి తెచ్చుకుని మైక్రోస్కోపు కింద చూశాను. మధ్యలో దట్టంగా పారాథైరాయిడ్ కణాలు. ఒక అంచున పలచటి పొర అడ్డం, దాని అవతల నల్లటి చుక్కల్లా తెల్లరక్తకణాలైన లింఫోసైట్‌లు, వాటి మధ్య ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న గుండ్రాలు. ఆ గుండ్రాలు థైమస్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. అరవై ఏళ్ల కిందట ఒకే గోడలో పుట్టిన రెండూ ఇంకా అలాగే పక్కపక్కనే ఉన్నాయి.