స్వాగత ద్వారం గాలికి ఎందుకు ఒరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్లకు, పండగలకు వెదురు బొంగులతో, అరటి చెట్లతో, పూలతో స్వాగత ద్వారాలు కట్టడం నా పని. ద్వారం పడిపోతే అందరూ ముందు బొంగునే అనుమానిస్తారు. నేను చూసినవాటిలో బొంగు విరిగి పడినవి తక్కువ. కాళ్లు గుంతలో వదులై, ముందుకో వెనక్కో ఒరిగినవే ఎక్కువ. పక్కకి ఒరగకుండా రెండు కాళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముందూ వెనకా మాత్రం పట్టుకునేది ఏదీ ఉండదు.

అపోహ: గెలలున్న అరటి చెట్లు కడితే ఆ బరువుకే ద్వారం కదలదు.

అరటి బోదెలో కలప ఉండదు. ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న మట్టలు, వాటి నిండా నీరు, అంతే. పైగా గెల తలకన్నా ఎత్తులో వేలాడుతుంది. బొంగు కాస్త ఒరిగిందంటే ఆ బరువు నిలబెట్టదు సరికదా, ఒరిగిన వైపుకే ఇంకా లాగుతుంది. అందుకే బోదె అడుగు నేలకు ఆనాలి, దాని బరువు నేల మోయాలి. బొంగుకు మూడు చోట్ల కట్టండి. సన్నటి పురికొస బోదెను కోసేస్తుంది కాబట్టి కింద గోనెపట్టా చుట్టి దాని మీద కట్టాలి. మర్నాటికి బోదె వాడి సన్నబడుతుంది. కట్టులో వేలు దూరిందంటే మళ్లీ బిగించాలన్నమాట.

ఆకులు చిరిగిపోతాయని కొందరు వాటిని కలిపి కట్టేస్తారు. అలా చేయకండి. చీలిన ఆకు గాలిని వదిలేస్తుంది, కట్ట కట్టిన ఆకు గాలిని పట్టుకుంటుంది.

అపోహ: ఫ్లెక్సీకి నాలుగు చిల్లులు పెడితే గాలి పోతుంది.

ఆ నాలుగు చిల్లులతో వచ్చే తేడా చాలా తక్కువ. 12 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు ద్వారం అనుకుందాం. పైన 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఫ్లెక్సీ కట్టాం. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాని మీద పడే తోపు సుమారు 40 కిలోలు. గాలి 70కి పెరిగితే అది దాదాపు రెట్టింపు, 80 కిలోలవుతుంది. ఇదంతా పైనే పడుతుంది, కింద కాళ్లకు అది గడ్డపారతో పెకలించినట్టే. నేనైతే ఫ్లెక్సీ వద్దనే చెబుతాను. అదే చోట బంతిపూల దండలు ఎడం ఎడంగా వేలాడదీస్తే మధ్యలోంచి గాలి పోతుంది. ఫ్లెక్సీ తప్పనిసరైతే పని అయిపోగానే, రాత్రికి విప్పేయండి.

అపోహ: గుంతలో నీళ్లు పోస్తే మట్టి బిగుస్తుంది.

ఒక పెళ్లికి నేనూ అలాగే చేయించాను. బంకమట్టి నేల, గుంతకు రెండు బిందెల నీళ్లు. తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే ద్వారం రోడ్డు వైపు వాలిపోయి ఉంది, బొంగులు చెక్కుచెదరలేదు. కాలు పట్టుకుని ఊపితే గుంతలో అంబలి కలిపినట్టు తిరిగింది. తడిసిన బంకమట్టి ఆరి గట్టిపడటానికి రోజులు పడుతుంది, మన పండగ మర్నాడే.

12 అడుగుల ఎత్తు ద్వారం కాలికి రెండున్నర అడుగుల గుంత, అదీ బొంగు పట్టేంత ఇరుకుగా తవ్వాలి. కాలి చుట్టూ ఇటుక ముక్కలు దోపి, పొడిపొడిగా ఉన్న మట్టిని అరడుగు చొప్పున వేస్తూ, ప్రతి పొరనూ గడ్డపార మొద్దువైపుతో దిమ్మిస కొట్టాలి. తర్వాత ఛాతీ ఎత్తులో చేయి పెట్టి గట్టిగా నెట్టి, కాలి మొదట్లో చూడండి. మట్టికీ బొంగుకీ మధ్య నెలవంకలా సందు తెరుచుకుంటే ఆ గుంత మళ్లీ కొట్టాల్సిందే.

అపోహ: ద్వారం ఒరగకుండా నేలకు లాగి కట్టే స్టే తాడు ఎక్కడ కట్టినా ఒకటే.

అసలు ప్రాణం ఇక్కడుంది. ఒక్కో కాలికి ముందొకటి, వెనకొకటి, మొత్తం నాలుగు తాళ్లు కావాలి. దారికి అడ్డమని తాడును కాలి దగ్గరే దింపేస్తారు. 9 అడుగుల ఎత్తులో కట్టిన తాడును 9 అడుగుల దూరంలో నేలలో దిగ్గొట్టిన మేకుకు కడితే, పైన చెప్పిన 50 కిలోమీటర్ల గాలికి ఒక్కో తాడు మీద సుమారు 33 కిలోల లాగుడు పడుతుంది. అదే మేకు 3 అడుగుల దూరంలో ఉంటే సుమారు 74 కిలోలు. పైగా ఆ లాగుడు మేకును నిలువుగా పైకి పీకుతుంది. చోటు లేదంటే కనీసం 6 అడుగులైనా అడిగి తీసుకోండి. తాడుకు రంగుగుడ్డ కడితే జనం కాలికి తగలదు.

బొంగుకు తాడు కట్టేటప్పుడు కణుపుకు సరిగ్గా పైన కట్టండి, లాగినా కిందికి జారదు. మేకు తల ద్వారం నుంచి దూరంగా వాలేలా దిగ్గొట్టి, తాడును నేలను ఆనేలా ముడివేయాలి. మేకు మీద జానెడు ఎత్తున కడితే అది నెమ్మదిగా ద్వారం వైపు వంగిపోతుంది. ఇక మేకుల జాగాలో రాత్రి వాన పడితే, పొద్దున పూలకన్నా ముందు ఆ నాలుగు మేకులనే కాలితో తన్ని చూడాలి. ఒక్కటి కదిలినా దాని పక్కనే, కాస్త దూరంగా కొత్త మేకు దిగ్గొట్టి తాడు మార్చాకే కింద నుంచి మనుషులను వెళ్లనివ్వాలి.