చీజ్ శాకాహారమేనా? దూడ కడుపు నుంచి బూజు దాకా రెన్నెట్ కథ

పోయిన నెల మా నల్లకుంట ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు చీజ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో కొన్న ప్యాకెట్. దాని మీద ఆకుపచ్చ చుక్క ఉంది, వెనకాల చిన్న అక్షరాల్లో ‘మైక్రోబియల్ రెన్నెట్’ అని ఉంది. రెండోది మా ఆడపడుచు కొడుకు ఇటలీ నుంచి తెచ్చిన పార్మిజానో రెజ్జానో ముక్క. దాని మీద ఉన్నవి మూడే పదార్థాలు: లాత్తె, సాలె, కాల్యో. అంటే పాలు, ఉప్పు, రెన్నెట్.

మా అత్తయ్య జీవితంలో గుడ్డు కూడా ముట్టలేదు. కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ తిప్పి తిప్పి చూసి, “ఈ రెన్నెట్ అంటే ఏంటమ్మా? రెండింట్లోనూ ఉంది కదా, ఒకదానికి ఆకుపచ్చ చుక్క ఉంది, ఇంకోదానికి లేదేం?” అని అడిగారు. నేను ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను. అయినా ఆవిడకు పూర్తిగా జవాబు చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మన పాఠ్యపుస్తకాల్లో చీజ్‌ని ‘జున్ను’ అని రాస్తారు. ముందు ఆ ముడి విప్పాలి. మనం మిరియాలు, బెల్లం వేసి ఆవిరి మీద ఉడికించే జున్ను ముర్రుపాలతో చేసేది. ఈనిన గేదె మొదటి రోజుల్లో ఇచ్చే ఆ పాలలో రోగనిరోధక ప్రొటీన్లు చాలా ఎక్కువ. వేడి తగలగానే అవి కోడిగుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి. దానికి రెన్నెట్ అక్కర్లేదు. పనీర్‌కీ అక్కర్లేదు. కాగిన పాలలో నిమ్మరసం పిండితే ఆ పులుపుకు పాలు విరుగుతాయి. పెరుగులో బ్యాక్టీరియా అదే పులుపును నెమ్మదిగా తయారు చేస్తుంది. కాబట్టి అత్తయ్య ఇన్నేళ్లుగా ఇంట్లో చేసుకు తింటున్న వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న రాలేదు. అది పిజ్జాతో, బర్గర్‌తో వచ్చింది.

రెన్నెట్ అసలు పుట్టిల్లు పాలు మానని దూడ కడుపు. ఆవు కడుపులో నాలుగు గదులుంటాయి. తల్లి పాలు తప్ప ఇంకేమీ తినని దూడలో పని చేసేది ముఖ్యంగా నాలుగో గది. పాలు పాలుగానే ఉంటే గబగబా జారి పేగుల్లోకి పోతాయి. అందుకని ఆ గది గోడలు ‘కైమోసిన్’ అనే ఎంజైమ్‌ని విడుదల చేస్తాయి. పాలు అక్కడే గడ్డకట్టి, దూడకు నెమ్మదిగా అరుగుతాయి. దూడ గడ్డి మేయడం మొదలుపెట్టాక కైమోసిన్ తగ్గి, దాని స్థానంలో పెప్సిన్ అనే మరో జీర్ణ ఎంజైమ్ పెరుగుతుంది. అందుకే రెన్నెట్‌కి పెద్ద పశువు అంతగా పనికిరాదు, పాలు తాగే దూడే మేలు. ఆ దూడను కోశాక, నాలుగో గదిని ఎండబెట్టి, ముక్కలు చేసి, ఉప్పునీటిలో నానబెడితే దిగే సారమే సంప్రదాయ రెన్నెట్. ఆ గదిని ప్రాణంతో ఉన్న దూడ నుంచి తీసే దారి లేదు. అత్తయ్య ప్రశ్నలోని బరువంతా ఇక్కడే ఉంది.

మరి నిమ్మరసంతో పాలు విరిగిపోతుంటే ఇంత శ్రమ ఎందుకు? పాలలోని కేసీన్ ప్రొటీన్ కంటికి కనిపించని చిన్న చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ప్రతి ఉండ మీదా నూగులాంటి పొర ఉంటుంది. ఆ నూగు ‘కప్పా కేసీన్’ అనే ప్రొటీన్ తోకలు. వాటిమీద ఋణావేశం ఉండడం వల్ల ఉండలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పాలు పాలుగా ఉండడానికి కారణం ఇదే. కప్పా కేసీన్ 169 అమైనో ఆమ్లాల గొలుసు. కైమోసిన్ దాన్ని సరిగ్గా 105వ, 106వ అమైనో ఆమ్లాల మధ్య కత్తిరిస్తుంది, ఒకే ఒక్క చోట. నూగు ఊడిపోతుంది. బోడిగా మిగిలిన ఉండలు పాలలోని కాల్షియం సాయంతో ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. నీళ్లు, కొవ్వు ఆ వలలో చిక్కుకుంటాయి.

నిమ్మరసం అలా చెయ్యదు. పులుపు ఉండల లోపలి కాల్షియాన్నే కరిగించి బయటికి లాగేస్తుంది. అందుకే పనీర్‌ని ఎంత వేడి చేసినా కరగదు, సాగదు. రెన్నెట్ గడ్డలో కాల్షియం వంతెనలు చాలావరకు నిలిచి ఉంటాయి కాబట్టి మొజారెల్లా పిజ్జా మీద దారాల్లా సాగుతుంది.

ఇదంతా కళ్లారా చూడాలని నేను ఇంట్లో ప్రయత్నించాను. మైక్రోబియల్ రెన్నెట్ చిన్న సీసా తెప్పించాను. మొదటిసారి అలవాటు ప్రకారం రెండు లీటర్ల ప్యాకెట్ పాలు పొంగు వచ్చేదాకా కాచి, చల్లార్చి రెన్నెట్ వేశాను. గంటన్నర అయినా పల్చటి గంజిలాంటిదే వచ్చింది. తప్పు ఎంజైమ్‌ది కాదు. పాలు మరిగినప్పుడు వాటిలోని వే ప్రొటీన్లు, అంటే మామూలుగా విరుగుడు నీళ్లలోకి పోయే ప్రొటీన్లు, విప్పుకుని కప్పా కేసీన్ నూగుకి అంటుకుపోతాయి. అప్పుడు కత్తెరకు చోటు సరిగా దొరకదు, ఉండలు అతుక్కోవడానికీ అవే అడ్డం. రోజూ పాలు కాచే మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు ఇదే. నెలల తరబడి నిలవుండే టెట్రాప్యాక్ పాలతో కూడా ఇదే జరుగుతుంది.

రెండోసారి ప్యాకెట్ పాలు కాచకుండా 33 డిగ్రీల దాకా గోరువెచ్చగా చేశాను. రెండు చెంచాల పెరుగు కలిపి గంటసేపు ఆగాను. పాశ్చరైజ్ చేసి చల్లబరిచిన పాలలో కరిగి ఉండే కాల్షియం కాస్త తగ్గుతుంది కాబట్టి అర గ్రాముకు లోపు కాల్షియం క్లోరైడ్ వేశాను. సీసా మీది మోతాదు ప్రకారం పన్నెండు చుక్కల రెన్నెట్‌ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి పోశాను. నల్లా నీళ్లు నేరుగా వాడితే అందులోని క్లోరిన్ ఎంజైమ్‌ని పాడుచేస్తుంది. ఒక నిమిషం కలిపి, గిన్నెను కదపకుండా వదిలేశాను. నలభై అయిదు నిమిషాలకు కత్తి ఏటవాలుగా దించి పైకెత్తితే, గడ్డ నున్నగా, పదునైన అంచుతో చీలింది. చీలికలో లేత ఆకుపచ్చ నీళ్లు ఊరాయి. గడ్డ సిద్ధమైందని చెప్పే గుర్తు అదే. అంచు తరకలు తరకలుగా ఉంటే, నీళ్లు పాలలా తెల్లగా ఉంటే ఇంకా ఆగాలి. పక్కన నిలబడి చూస్తున్న అత్తయ్య, “పులుపు లేకుండానే తోడుకుందే!” అన్నారు.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నది ఏమిటి? 1960ల నాటికి ప్రపంచంలో చీజ్ వాడకం పెరిగింది, కోతకు వచ్చే దూడలు మాత్రం చాలలేదు. కైమోసిన్ లాంటి పని చేసే ఎంజైమ్ కోసం వెతుకుతూ జపాన్‌లో కేయ్ అరిమా బృందం మట్టిలోని ఒక బూజులో దాన్ని కనిపెట్టింది. అప్పట్లో దాని పేరు మ్యూకర్ పుసిల్లస్. తర్వాత దాని దగ్గరి బంధువు రైజోమ్యూకర్ మీహై ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో ఆ బూజును పెంచి, అది వదిలిన ఎంజైమ్‌ని వడగట్టి తీస్తారు. ఇందులో ఏ దశలోనూ జంతువు లేదు. అసలైన మైక్రోబియల్ రెన్నెట్ అంటే ఇదే.

అయితే ఇది కైమోసిన్ కాదు. కప్పా కేసీన్‌ని అదే చోట కోస్తుంది కానీ అక్కడితో ఆగదు, మిగతా కేసీన్లను కూడా అక్కడక్కడా తుంచుతుంది. తెగిన ముక్కల్లో కొన్ని నీళ్లతో పాటు కారిపోతాయి, దిగుబడి కాస్త తగ్గుతుంది. గడ్డలో మిగిలిన ఎంజైమ్ నెలల తరబడి తన పని చేస్తూనే ఉంటుంది. బీటా కేసీన్ చివరి భాగం నుంచి ఊడే కొన్ని ముక్కలు చేదుగా ఉంటాయి. అందుకే వారాల్లో తినేసే మొజారెల్లాకి ఈ బూజు ఎంజైమ్ చక్కగా సరిపోతుంది, ఏడాది మగ్గబెట్టే చెడ్డార్‌లో మాత్రం చేదు తేలే ప్రమాదం ఉంది. ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. ఈ ఎంజైమ్ వేడికి తట్టుకుంటుంది. విరుగుడు నీళ్లను పాశ్చరైజ్ చేసి పొడి చేసినా బతికి ఉండి, ఆ పొడి కలిపిన పాల పదార్థాలను పాడుచేసేది. తయారీదారులు దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కాస్త బలహీనపరిచి, వేడికి చచ్చేలా మార్చుకున్నారు.

మూడో రకం ఇంకా ఆసక్తికరమైనది. దూడ కడుపు కణాల నుంచి కైమోసిన్ జన్యు సమాచారాన్ని ఒకసారి నకలు తీసి, దాన్ని సూక్ష్మజీవిలో పెట్టారు. 1990లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి ద్వారా తయారై అక్కడ ఆమోదం పొందిన మొదటి ఆహార పదార్థం ఇదే. మొదట ఈ.కోలై బ్యాక్టీరియా, తర్వాత ఒక ఈస్టు, ఆస్పర్జిల్లస్ అనే బూజు ఈ పనికి వచ్చాయి. వచ్చే కైమోసిన్ దూడదానితో అమైనో ఆమ్లం అమైనో ఆమ్లం సరిపోతుంది. చేదు ఉండదు, దిగుబడి బాగుంటుంది, కొత్తగా ఏ దూడా చావదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే పద్ధతిలో చేసిన ఒంటె కైమోసిన్ ఆవు పాలను దూడ కైమోసిన్ కంటే శుభ్రంగా గడ్డకట్టిస్తుంది. మిగతా కేసీన్ జోలికి ఇంకా తక్కువగా వెళుతుంది.

చిక్కు ఎక్కడంటే, లేబుల్ మీద ‘మైక్రోబియల్’ అనే మాట ఈ రెండింటికీ వాడతారు. బూజు సొంత ఎంజైమా, బూజు చేసిన దూడ ఎంజైమా అన్నది ప్యాకెట్ చూసి చెప్పలేం. ఆకుపచ్చ చుక్క కూడా రెండింటికీ వస్తుంది. మన దేశ ఆహార ప్రమాణాల్లో చీజ్ నిర్వచనంలోనే జంతువుది కాని రెన్నెట్ అని ఉంది కాబట్టి, ఇక్కడ తయారై ఆకుపచ్చ చుక్కతో అమ్మే చీజ్‌లో దూడ కడుపు సారం ఉండకూడదు. ఆ ఒకప్పటి నకలు కూడా వద్దనుకునేవారు కంపెనీకి రాసి, ఎంజైమ్ ఏ జీవిదో అడగడమే దారి. నా మటుకు నాకు అభ్యంతరం లేదు. ట్యాంకులో ఉన్నది బూజు, బయటికి వచ్చింది ఒక ప్రొటీన్. అయినా అది వేరే ఇంటి వాళ్ల మీద రుద్దాల్సిన అభిప్రాయం కాదు.

పార్మిజానో రెజ్జానో సంగతి వేరు. ఆ పేరుతో అమ్మాలంటే దూడ రెన్నెట్‌తోనే గడ్డకట్టించాలని ఇటలీ వాళ్ల నియమం, కనీసం పన్నెండు నెలలు మగ్గాలి. గ్రానా పదానో, గొర్రెపిల్ల రెన్నెట్‌తో చేసే పెకొరీనో రొమానో అనే ఇటలీ చీజ్‌లు కూడా జంతువు రెన్నెట్‌తో చేసేవే. రెస్టారెంట్‌లో పాస్తా మీద తురిమేది అసలు పార్మిజానోనా, మైక్రోబియల్ రెన్నెట్‌తో ఇక్కడ చేసిన పార్మెజానా అని అడగడం శాకాహారులకు అవసరమే.

ఇదంతా అత్తయ్యకు విడతలు విడతలుగా చెప్పాను. ఆవిడ ఆకుపచ్చ చుక్క ప్యాకెట్‌లోంచి ఒక ముక్క తీసుకుని దోసె మీద వేసుకున్నారు. ఇటలీ ముక్కను కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, “పిల్లాడు ప్రేమగా తెచ్చాడు, నాకు వద్దని వాడికి చెప్పకు. మీరు తినండి” అన్నారు.