అపోహలు - వాస్తవాలు: థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా జుట్టు ఎందుకు రాలుతోంది?

ఓపీలో వారానికి ఒకరైనా హ్యాండ్‌బ్యాగులోంచి పాలిథిన్ కవరు తీసి బల్ల మీద పెడతారు. లోపల ఉండలా చుట్టిన జుట్టు. "ఇది నిన్న ఒక్కరోజుది మేడమ్. మాత్ర మొదలుపెట్టి రెండు నెలలైంది. తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. ఈ మాత్ర వల్లే అంటున్నారు అందరూ." ఆ అందరూ ఎవరని అడిగితే పక్కింటావిడ, ఆడపడుచు, ఒక వాట్సాప్ మెసేజ్. కవరు తెచ్చినందుకు నేనెప్పుడూ నవ్వను. రోజూ దువ్వెన చూసి భయపడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది తర్వాత చెప్తాను. నాకు కోపం వచ్చేది ఆ అందరి మీదే. ఎందుకంటే ఆ మాట విని చాలామంది మాత్ర మానేస్తారు.

అపోహ: థైరాయిడ్ మాత్ర వల్ల జుట్టు ఊడుతుంది. మానేస్తే ఆగుతుంది.

తల మీద ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. తర్వాత ఎదుగుదల ఆగి సుమారు మూడు నెలలు కుదురులోనే ఊరికే ఉంటుంది. ఆ తర్వాత రాలిపోతుంది, అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. మామూలుగా పదింటిలో ఒకటో ఒకటిన్నరో మాత్రమే ఇలా విశ్రాంతిలో ఉంటాయి కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలినా మనకు తెలియదు. థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గినప్పుడు ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి, పోయినవాటి చోట కొత్తవి త్వరగా మొదలవవు.

ఇక్కడ పట్టుకోవాల్సింది ఆ మూడు నెలల సంగతి. ఈరోజు మీ దువ్వెనలోకి వచ్చిన వెంట్రుక దాదాపు మూడు నెలల కిందటే పెరగడం మానేసింది. అప్పుడు మీ ఒంట్లో థైరాయిడ్ ఎలా ఉందో అది చెప్తుంది. నిన్న వేసుకున్న మాత్ర గురించి దానికేమీ తెలియదు. మాత్ర మొదలుపెట్టిన రోజుకే విశ్రాంతిలోకి పోయినవాటిని ఏ మందూ వెనక్కి తీసుకురాలేదు. అవి వరసగా రాలాల్సిందే.

పైగా మాత్ర పని చేయడం మొదలయ్యాక కుదుళ్ళు మేల్కొని కొత్త వెంట్రుకలు తయారవుతుంటే, పాతవి ఇంకాస్త త్వరగా ఊడొచ్చు. మందుతోపాటు వచ్చే కాగితంలో కూడా, మొదటి కొన్ని నెలల్లో కొంత జుట్టు రాలొచ్చనీ అది సాధారణంగా తాత్కాలికమేననీ రాసి ఉంటుంది. జనం మొదటి సగం చదివి కాగితం మడిచేస్తారు.

"మరి మా అక్క మానేస్తే నిజంగానే తగ్గింది కదా" అనేవాళ్ళకు ఒక కేసు చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్ళ టీచరమ్మ, బరువు 62 కిలోలు. జనవరి చివర్లో టీఎస్‌హెచ్ 46. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గేకొద్దీ రక్తపరీక్షలో పెరిగే అంకె ఇది. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టాం. ఆరు వారాలకు, అంటే మార్చి మధ్యలో 19కి దిగింది. మాత్ర 75కి పెంచాను. సరిగ్గా ఆ నెలలోనే జుట్టు విపరీతంగా రాలింది. ఏప్రిల్ మొదట్లో నాతో చెప్పకుండా మానేసింది. మే నెలలో రాలడం తగ్గింది! ఇంకేముంది, తప్పు మాత్రదేనని తేలిపోయిందనుకుంది. స్టాఫ్ రూములో ఇద్దరికి సలహా కూడా ఇచ్చింది.

మూడు నెలలు వెనక్కి లెక్కేయండి. మే నెలలో రాలాల్సినవి ఫిబ్రవరి, మార్చిలో పెరుగుదల ఆపినవి. ఆ రెండు నెలలూ ఆమె మాత్ర వేసుకుంటూనే ఉంది, కాబట్టి అప్పుడు విశ్రాంతిలోకి పోయినవి తక్కువ. మేలో ఆమెకు కనిపించిన లాభం ఆమె వేసుకున్న మాత్రదే. మానేసినందుకు బిల్లు జులైలో వచ్చింది. జుట్టు మళ్ళీ గుప్పెళ్ళుగా ఊడింది, టీఎస్‌హెచ్ 58, ముఖం ఉబ్బి గొంతు బొంగురుపోయింది. మళ్ళీ మొదటికి వచ్చాం. ఈలోగా గర్భం వచ్చి ఉంటే నష్టం జుట్టుతో ఆగేది కాదు. బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు ఈ మాత్రను సొంతంగా మానడం గురించి ఆలోచించనే కూడదు.

అపోహ: కుదుళ్ళతో సహా ఊడిపోతోంది, ఇక మొలవదు.

వెంట్రుక చివర తెల్లగా, చిన్న బొడిపెలా ఉండేది కుదురు కాదు. విశ్రాంతి పూర్తయి సహజంగా రాలిన వెంట్రుకకు చివర అలాగే ఉంటుంది. అసలు కుదురు చర్మం లోపలే ఉంది. కాబట్టి ఆ తెల్ల బొడిపె కనిపిస్తే మళ్ళీ మొలిచే రకమేనని కొంత నిశ్చింతగా ఉండొచ్చు.

ఇది తెలిసిన నేనే ఒకసారి గాభరా పడ్డాను. డెంగీ వచ్చి తగ్గిన మూడు నెలలకు నాకు ఇలాగే రాలింది. కారణం తెలుసు, ఎంతకాలం ఉంటుందో తెలుసు, అయినా పొద్దున్నే దిండు మీద చూసి లెక్కపెట్టేదాన్ని. మా అమ్మ "నువ్వు పేషెంట్లకు ఏం చెప్తావే?" అని అడిగింది. సమాధానం చెప్పలేదు.

లెక్కపెట్టేవాళ్ళకు ఒక మాట. వారానికి రెండుసార్లు తలస్నానం చేసేవాళ్ళకు ఆ రోజు మూడు రోజులవీ కలిపి రాలతాయి. ఆ ఒక్కరోజు కవరు చూసి నిర్ణయానికి రాకండి.

అపోహ: మాత్ర మొదలైతే నెలలో జుట్టు బాగవ్వాలి.

లెక్క మొదలయ్యేది మాత్ర మొదలైన రోజు నుంచి కాదు, టీఎస్‌హెచ్ దారికొచ్చిన రోజు నుంచి. ఈ మందు ఒంట్లో స్థిరపడటానికే సుమారు ఆరు వారాలు పడుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టెస్ట్ చేయమంటాం. గ్రంథి దాదాపు పని చేయనివాళ్ళకు రోజుకు కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి. 62 కిలోలకు దాదాపు 100. 50తో మొదలుపెట్టి మెట్లు ఎక్కితే అక్కడికి చేరేసరికి మూడు, నాలుగు నెలలు. ఆ తర్వాత, అప్పటిదాకా విశ్రాంతిలోకి పోయినవి రాలడానికి ఇంకో మూడు నెలలు. అంటే మొదటి మాత్ర నుంచి ఆరేడు నెలలు జుట్టు రాలుతూ ఉన్నా వైద్యం విఫలమైనట్టు కాదు.

ఈ ఆరేడు నెలల్ని ఏడాది చేసుకునే మార్గాలు మాత్రం మనవాళ్ళకు బాగా తెలుసు. మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగడం ఒకటి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. జుట్టు కోసమని ఐరన్, క్యాల్షియం మాత్రలు కొనుక్కొచ్చి అన్నీ కలిపి ఒకే గుక్కలో మింగడం రెండోది. వాటికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు.

అపోహ: బయోటిన్ వేసుకుంటే నష్టమేముంది, విటమినే కదా.

నష్టముంది. బయోటిన్ లోపం అరుదు. లోపం లేనివాళ్ళకు ఈ రాలడం మీద అది పని చేస్తుందని చెప్పడానికి సరైన ఆధారం లేదు. అంతవరకైతే డబ్బే దండగ అని ఊరుకునేదాన్ని. కానీ కొన్ని ల్యాబుల్లో హార్మోన్ పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ అసలుకన్నా తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. రిపోర్టు చూసిన డాక్టరు మాత్ర ఎక్కువైందని డోసు తగ్గిస్తారు. జుట్టు ఇంకా రాలుతుంది. పేషెంటు ఇంకో సీసా బయోటిన్ కొంటుంది.

మా టీచరమ్మకూ ఇదే జరిగింది. జులైలో 75తో మళ్ళీ మొదలుపెట్టాం. సెప్టెంబరులో టీఎస్‌హెచ్ 0.2 అని వచ్చింది. మాత్ర ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, ఉక్కపోత ఉండాలి. ఈమె ఫ్యాన్ కింద చున్నీ కప్పుకుని కూర్చుంది. ఇంకేం వాడుతున్నారని అడిగితే "మందులేమీ లేవు మేడమ్, ఒక్క హెయిర్ విటమిన్ మాత్రమే" అంది. రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్! అది ఆపించి మూడు రోజుల తర్వాత మళ్ళీ రక్తం తీయిస్తే టీఎస్‌హెచ్ 8.6. తగ్గించబోయిన మాత్రను 100కి పెంచాల్సి వచ్చింది. నవంబరు మొదట్లో 2.4కి వచ్చింది. టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి, ఎక్కువ డోసు వాడుతుంటే ఇంకా ముందుగా. వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పండి. విటమిన్ కూడా మందే.

మిగతావి గబగబా: గుండు చేయిస్తే ఒత్తుగా రాదు, కత్తి కుదుళ్ళను తాకదు. తిరుపతిలో మొక్కు ఉంటే అది వేరే సంగతి. బోరు నీళ్ళు జుట్టును గరుకు చేస్తాయేమో గానీ ఈ రకంగా రాల్చవు. క్యాబేజీ కూర మీ జుట్టు జోలికి రాదు. నూనె మార్చినంత మాత్రాన ఆగదు.

కోలుకోవడం ఎలా ఉంటుందంటే, ముందు జుట్టులో ఏమీ కనిపించదు. నీరసం, చలి, మలబద్ధకం తగ్గుతాయి. తర్వాత తలస్నానం రోజు వచ్చే ఉండ నెలనెలా చిన్నదవుతుంది. ఒక్కసారిగా ఆగదు, మధ్యలో ఒక వారం మళ్ళీ ఎక్కువ కావొచ్చు. ఆ తర్వాత నుదుటి అంచున, పాపిడి వెంట సన్నటి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి అవి భుజాల దాకా రావడానికే రెండేళ్ళ పైన పడుతుంది. కుదుళ్ళు కోలుకున్నా చాలాకాలం జడ చివర సన్నగానే ఉండేది అందుకే.

టీఎస్‌హెచ్ ఆరు నెలలుగా సరిగ్గా ఉండి కూడా రాలడం తగ్గకపోతే మాత్రం థైరాయిడ్ వైపే చూస్తూ కూర్చోకండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నవాళ్ళు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూపించుకోవాలి, హిమోగ్లోబిన్ బాగున్నా ఇది తక్కువగా ఉండొచ్చు. రాలడం కన్నా పాపిడి వెడల్పవడం ఎక్కువగా కనిపిస్తుంటే అది వంశపారంపర్యంగా వచ్చే రకం కావొచ్చు, దానికి మందు వేరు. రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చలుగా ఊడితే అది ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో కాస్త ఎక్కువగా చూస్తాం. టీఎస్‌హెచ్ నిజంగానే బాగా దిగిపోయి దడ, వణుకు ఉంటే మాత్ర ఎక్కువైందేమో చూడాలి, దానివల్లా రాలుతుంది. వీటిని తలను చూసి చెప్పాలి, ఫోన్లో పంపిన ఫొటో చాలదు.

టీచరమ్మకు ఫిబ్రవరికల్లా కవరు తేవాల్సిన అవసరం తీరింది. మళ్ళీ జూన్‌లో వచ్చింది, ఇంకో ఫిర్యాదుతో. నుదుటి మీద వేలెడంత వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయట, ఎంత నూనె రాసినా జడలో ఇమడటం లేదట. ఇంకో ఏడాది దాకా ఇమడవని చెప్పి, టీఎస్‌హెచ్‌కు రాసిచ్చాను.